ప్రతివర్తితం ద్వారా నిరూపణ: "వర్గం సరి అయితే సంఖ్య సరి" గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పూర్ణసంఖ్యల మీద నిరూపణలు రాయడం మొదలుపెట్టిన విద్యార్థుల దగ్గర నుంచి దాదాపు ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఎక్కువ భాగం ఒకే ప్రవచనం చుట్టూ తిరుగుతుంది: n ఒక పూర్ణసంఖ్య, n² సరిసంఖ్య అయితే n కూడా సరిసంఖ్యే. చూడటానికి చిన్నదే అయినా, ప్రతివర్తితంతో నిరూపించేటప్పుడు ఎదురయ్యే చిక్కులన్నీ దీనిలోనూ దీని దగ్గరి బంధువుల్లోనూ కనిపిస్తాయి. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ప్రతివర్తితం అంటే ఏమిటి?

"p అయితే q" అనే ప్రవచనానికి "q కాకపోతే p కాదు" అన్నది ప్రతివర్తితం. ఇక్కడ రెండు మార్పులు జరుగుతాయి. రెండు భాగాలూ చోట్లు మార్చుకుంటాయి, రెండూ వ్యతిరేకంగా మారతాయి. వీటిలో ఒక్కటే చేస్తే వచ్చేది ప్రతివర్తితం కాదు.

మన ప్రవచనంలో p అంటే "n² సరిసంఖ్య", q అంటే "n సరిసంఖ్య". పూర్ణసంఖ్యల్లో సరి కానిది బేసే. కాబట్టి ప్రతివర్తితం ఇలా ఉంటుంది: n బేసిసంఖ్య అయితే n² బేసిసంఖ్య.

అడిగింది ఒకటి, నేను నిరూపించేది ఇంకొకటి. ఇది ఎలా చెల్లుతుంది?

ఒక ప్రవచనం తప్పు కావాలంటే ఏం దొరకాలో ఆలోచించండి. "n² సరి అయితే n సరి" తప్పు అని చూపాలంటే ఒక ప్రత్యుదాహరణ కావాలి: వర్గం సరిగా ఉండి, తాను మాత్రం బేసిగా ఉన్న పూర్ణసంఖ్య. ఇప్పుడు "n బేసి అయితే n² బేసి" తప్పు అని చూపాలంటే ఏం కావాలి? తాను బేసిగా ఉండి, వర్గం సరిగా ఉన్న పూర్ణసంఖ్య. రెండు చోట్లా వెతుకుతున్నది అదే సంఖ్యను. ఒకదానికి ప్రత్యుదాహరణ ఉంటే రెండోదానికీ అదే ప్రత్యుదాహరణ, ఒకదానికి లేకపోతే రెండోదానికీ లేదు. అందుకే ఒకటి నిరూపిస్తే రెండోది నిరూపించినట్టే.

పరీక్ష గదిలో తనిఖీ చేసే అధికారిని తీసుకోండి. "గదిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా హాల్ టికెట్ ఉంది" అన్నా, "హాల్ టికెట్ లేనివారెవరూ గదిలో లేరు" అన్నా ఆయన చెబుతున్నది ఒకే పరిస్థితి. ఈ రెండు మాటల్నీ అబద్ధం చేయగలిగేది ఒకే మనిషి, టికెట్ లేకుండా గదిలో కూర్చున్నవాడు.

నేరుగా n² = 2m అని మొదలుపెడితే ఎక్కడ ఆగిపోతాను?

రెండో అడుగులోనే. n² = 2m నుంచి n గురించి ఏదైనా చెప్పాలంటే వర్గమూలం తీయాలి, అప్పుడు n = √(2m) వస్తుంది. ఇందులోంచి "2 సార్లు ఒక పూర్ణసంఖ్య" అనే రూపాన్ని బయటికి లాగే దారి బీజగణితంలో కనిపించదు. √(2m) పూర్ణసంఖ్య అని మనకు తెలుసు, కానీ అది సరి అని చెప్పడానికి ఆ గుర్తు మనకేమీ సాయం చేయదు.

చిక్కంతా సమాచారం ఏ వైపు ఉందన్న దానిలో ఉంది. n తెలిస్తే n² ను గుణకారంతో కట్టవచ్చు, అది తేలిక. n² తెలిసి n వైపు వెనక్కి రావడం కష్టం. ప్రతివర్తితం తీసుకుంటే దత్తాంశం n గురించి, సారాంశం n² గురించి అవుతుంది. అంటే మనం తేలికైన దిశలో నడుస్తాం. "n² గురించి చెప్పి n గురించి అడిగారు" అన్నది కనిపించగానే ప్రతివర్తితం ప్రయత్నించాలని నేను చెప్పేది ఇందుకే.

అయితే ఈ ప్రవచనానికి ప్రత్యక్ష నిరూపణ అసలు లేదా?

ఉంది. "దీన్ని నేరుగా నిరూపించడం అసాధ్యం" అని కొన్నిచోట్ల చెబుతుంటారు, అది సరైన మాట కాదు. ఇది చూడండి:

n = n² − n(n − 1)

n, n − 1 పక్కపక్కనున్న పూర్ణసంఖ్యలు, కాబట్టి వాటిలో ఒకటి సరి. అందువల్ల n(n − 1) సరి. n² సరి అని దత్తాంశం. సరిలోంచి సరి తీసేస్తే సరే మిగులుతుంది కాబట్టి n సరి. నిరూపణ పూర్తయింది.

ఇది అందమైన నిరూపణ, కానీ n(n − 1) ను తెచ్చి పెట్టాలన్న ఆలోచన రావాలి. ప్రతివర్తితానికి అలాంటి మెరుపు అవసరం లేదు, బేసిసంఖ్యను 2k + 1 గా రాయడం తెలిస్తే చాలు. మనం దాన్ని ఎంచుకునేది వేరే దారి లేక కాదు, ఆ దారి తనంతట తానే కనబడుతుంది కాబట్టి.

4, 16, 36, 64, 100 అన్నీ సరిచూశాను. అది చాలదా?

చాలదు. పూర్ణసంఖ్యలు అనంతం, మీరు చూసినవి కొన్ని. n² + n + 41 అనే సమాసంలో n కు 0 నుంచి 39 వరకు ఏ విలువ పెట్టినా ప్రధానసంఖ్యే వస్తుంది. నలభై విలువలు వరుసగా సరిపోయాయని నమ్మితే తర్వాతిదే మోసం చేస్తుంది: n = 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 × 41. విలువలు పెట్టి చూడటం ప్రవచనం మీద నమ్మకం కుదరడానికి మంచిదే, నిరూపణ మాత్రం ఆ తర్వాత మొదలవుతుంది.

## ప్రతివర్తితాన్ని రాసేటప్పుడు

"n సరి అయితే n² సరి" అని చక్కగా నిరూపించాను. మార్కులు ఎందుకు రాలేదు?

మీరు నిరూపించినది విపర్యయం, అంటే "q అయితే p". అక్కడ భాగాలు చోట్లు మారాయి కానీ వ్యతిరేకం కాలేదు. n = 2k, n² = 4k² = 2(2k²) అన్న మీ లెక్కలో తప్పేమీ లేదు. కానీ అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇక్కడ విపర్యయం కూడా నిజమే కావడం వల్ల తేడా కంటికి ఆనదు. అందుకని 2 బదులు 4 పెట్టి చూడండి. "n ను 4 భాగిస్తే n² ను 4 భాగిస్తుంది" నిజం, n = 4k అయితే n² = 16k². దాని విపర్యయం "n² ను 4 భాగిస్తే n ను 4 భాగిస్తుంది". n = 6 తీసుకుంటే n² = 36, దాన్ని 4 భాగిస్తుంది, 6 ను భాగించదు. ఒకటి నిజం, రెండోది అబద్ధం. కాబట్టి ఒకదాన్ని నిరూపించి రెండోది కూడా వచ్చేసిందనుకోవడానికి వీల్లేదు.

విలోమంతోనూ ఇదే ప్రమాదం. "n² బేసి అయితే n బేసి" అన్నది మన ప్రవచనానికి విలోమం: రెండు భాగాలూ వ్యతిరేకమయ్యాయి, చోట్లు మాత్రం మారలేదు. అది విపర్యయంతో సమానం, మూల ప్రవచనంతో కాదు. మీ కాగితం మీద ఏది ఉందో తెలుసుకోవాలంటే నిరూపణ మొదటి వాక్యం చూడండి. అది "n బేసిసంఖ్య అనుకుందాం" అని ఉంటే సరైన దారిలో ఉన్నారు.

"n ఒక పూర్ణసంఖ్య" అన్న మాటకు కూడా వ్యతిరేకం రాయాలా?

రాయకూడదు. ఆ మాట p లోనూ భాగం కాదు, q లోనూ భాగం కాదు. మనం ఏ సంఖ్యల గురించి మాట్లాడుతున్నామో అది చెబుతుంది, రెండు ప్రవచనాల్లోనూ అలాగే నిలిచి ఉంటుంది. "n పూర్ణసంఖ్య, n బేసి అయితే n² బేసి" అన్నదే సరైన రూపం.

అలాగని దాన్ని వదిలేయడం కూడా కుదరదు. n ఏ వాస్తవసంఖ్య అయినా కావచ్చంటే ప్రవచనమే కూలిపోతుంది: √2 వర్గం 2, అది సరి, కానీ √2 సరిసంఖ్య కాదు. మరి నిరూపణలో ఎక్కడ దెబ్బ తగిలింది? "సరి కాకపోతే బేసి" అన్న చోట. √2 సరీ కాదు, బేసీ కాదు. ఏ పూర్ణసంఖ్యనైనా 2 తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ మాత్రమే వస్తుంది కాబట్టే ఆ మాట చెల్లుతుంది. నిరూపణ మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడింది. చాలామంది దాన్ని రాయకుండానే దాటిపోతారు. ఒక్క వాక్యంగానైనా రాయమని నా సలహా.

సారాంశంలో "లేదా" ఉంటే వ్యతిరేకం ఎలా రాయాలి?

"లేదా" వ్యతిరేకంలో "మరియు" అవుతుంది, "మరియు" వ్యతిరేకంలో "లేదా" అవుతుంది. ఈ ప్రవచనం తీసుకోండి: m, n పూర్ణసంఖ్యలు, mn సరి అయితే m సరి లేదా n సరి.

సారాంశం అబద్ధం కావాలంటే ఏం జరగాలి? m సరి అయినా సారాంశం నిలబడుతుంది, n సరి అయినా నిలబడుతుంది. కాబట్టి రెండూ సరి కాకుండా ఉండాలి. అంటే వ్యతిరేకం "m బేసి, n కూడా బేసి". "m బేసి లేదా n బేసి" అని రాస్తే నిరూపణ కూలిపోతుంది, ఎందుకంటే m = 3, n = 4 ఆ షరతును పాటిస్తాయి, వాటి లబ్ధం 12 మాత్రం సరి. సరిగా రాసిన ప్రతివర్తితం ఇది: m, n రెండూ బేసి అయితే mn బేసి. m = 2a + 1, n = 2b + 1 అనుకుంటే

mn = 4ab + 2a + 2b + 1 = 2(2ab + a + b) + 1

ఇది బేసి. "లేదా" ఉన్న సారాంశాలకు ప్రతివర్తితం ప్రత్యేకంగా కలిసొస్తుందని గమనించండి. నేరుగా వెళ్తే రెండింటిలో ఏది సరి అవుతుందో ముందే తెలియదు. ప్రతివర్తితంలో మాత్రం రెండు గట్టి దత్తాంశాలు ఒకేసారి చేతికొస్తాయి.

ప్రవచనంలోనే "కాదు", "భాగించదు" లాంటి మాటలు ఉంటే?

అప్పుడు ప్రతివర్తితం పని ఇంకా తేలిక చేస్తుంది, ఎందుకంటే "కాదు"కు వ్యతిరేకం తీసుకుంటే "అవును" వస్తుంది. ఉదాహరణకు: n² − 1 ను 8 భాగించకపోతే n సరిసంఖ్య. "8 భాగించదు" అన్నది చాలా బలహీనమైన సమాచారం. శేషం 1 కావచ్చు, 2 కావచ్చు, 7 వరకు ఏదైనా కావచ్చు. దాన్ని ఒక సమీకరణంగా రాయలేం.

ప్రతివర్తితం: n బేసి అయితే n² − 1 ను 8 భాగిస్తుంది. n = 2k + 1 అనుకుంటే

n² − 1 = 4k² + 4k = 4k(k + 1)

k, k + 1 పక్కపక్కనున్నవి కాబట్టి వాటి లబ్ధం సరి, దాన్ని 2t అనుకుందాం. అప్పుడు n² − 1 = 8t. "లేదు"లతో నిండిన ప్రవచనం రెండు పంక్తుల్లో తేలిపోయింది.

## నిరూపణ రాసేటప్పుడు

పూర్తి నిరూపణ జవాబుపత్రంలో ఎలా ఉండాలి?

నేను ఇలా రాయమని చెబుతాను:

> ప్రవచనం: n ఒక పూర్ణసంఖ్య. n² సరి అయితే n సరి.
>
> నిరూపణ: దీని ప్రతివర్తితాన్ని నిరూపిద్దాం. అంటే n సరి కాకపోతే n² సరి కాదని చూపుదాం. n పూర్ణసంఖ్య, సరి కాదు, కాబట్టి దాన్ని 2 తో భాగిస్తే శేషం 1. అందువల్ల n = 2k + 1 అయ్యేలా ఒక పూర్ణసంఖ్య k ఉంటుంది. అప్పుడు
>
> n² = (2k + 1)² = 4k² + 4k + 1 = 2(2k² + 2k) + 1.
>
> k పూర్ణసంఖ్య కాబట్టి 2k² + 2k కూడా పూర్ణసంఖ్యే. కాబట్టి n² బేసి, అంటే సరి కాదు. ప్రతివర్తితం నిజమైంది, కాబట్టి మూల ప్రవచనం నిజం.

ఇందులో అందరూ వదిలేసేది మొదటి వాక్యమే. ప్రతివర్తితం నిరూపిస్తున్నామని ముందే చెప్పకపోతే, దిద్దేవారికి "n బేసి అనుకుందాం" అన్నది ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు. దత్తాంశాన్ని తప్పుగా తీసుకున్నారనుకుంటారు.

4k² + 4k + 1 దగ్గరే ఆపేస్తే తప్పా? 2(2k² + 2k) + 1 అని ఎందుకు రాయాలి?

అలవాటైనవారికి 4k² + 4k + 1 చూడగానే బేసి అని తెలుస్తుంది, తప్పు అనలేం. అయితే బేసి అంటే నిర్వచనం "2 సార్లు ఒక పూర్ణసంఖ్య, దానికి 1 కలిపితే వచ్చేది". 2(2k² + 2k) + 1 అని రాస్తే ఆ నిర్వచనం కంటి ముందు నిలుస్తుంది, ఆ పూర్ణసంఖ్య ఏదో కూడా తెలుస్తుంది. నిరూపణలు కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు ఆ అడుగు వేయాల్సిందే. బ్రాకెట్లో ఉన్నది పూర్ణసంఖ్య అని చెప్పడం కూడా మరవకూడదు, ఎందుకంటే ఏ సంఖ్యనైనా 2x + 1 రూపంలో రాయవచ్చు. 4 ను కూడా 2(1.5) + 1 అని రాయవచ్చు, అంతమాత్రాన అది బేసి అయిపోదు.

n రుణసంఖ్య అయితే? సున్నా అయితే?

నిరూపణ అలాగే చెల్లుతుంది, విడిగా ఏమీ చేయనక్కరలేదు. k ఏ పూర్ణసంఖ్య అయినా కావచ్చు. n = −3 అయితే k = −2, ఎందుకంటే 2(−2) + 1 = −3. అప్పుడు 2k² + 2k = 8 − 4 = 4, n² = 2 × 4 + 1 = 9. సున్నా విషయానికొస్తే 0 = 2 × 0 కాబట్టి అది సరిసంఖ్యే, దాని వర్గమూ సరే.

రెండు బేసిసంఖ్యలు ఉంటే రెండింటికీ k వాడవచ్చా?

వాడకూడదు. m = 2k + 1, n = 2k + 1 అని రాస్తే m = n అని మీకు తెలియకుండానే ఒప్పుకున్నట్టు. అప్పుడు "రెండు బేసిసంఖ్యల లబ్ధం బేసి" అన్నదాని బదులు "ఒక బేసిసంఖ్య వర్గం బేసి" అన్నది మాత్రమే నిరూపించినట్టవుతుంది. 3, 7 ల జంట మీ నిరూపణ పరిధిలోకే రాదు. ఒకదానికి a, ఇంకోదానికి b పెట్టండి. లెక్క చివర సరైన జవాబే వస్తుంది కాబట్టి ఈ తప్పు రాసినవారి కంటికి కనబడదు.

n² బదులు n² − 6n + 5 లాంటి పెద్ద సమాసం ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాసాన్ని ముట్టుకోకండి, ముందు సారాంశానికి వ్యతిరేకం రాయండి. ప్రవచనం ఇది: n పూర్ణసంఖ్య, n² − 6n + 5 సరి అయితే n బేసి. సారాంశానికి వ్యతిరేకం "n సరి", అదే మన కొత్త దత్తాంశం. చేరాల్సిన చోటు "n² − 6n + 5 బేసి".

n = 2k పెడితే

n² − 6n + 5 = 4k² − 12k + 5 = 2(2k² − 6k + 2) + 1

5 ను 4 + 1 గా విడగొట్టాం, 4 బ్రాకెట్లోకి 2 గా వెళ్లింది. k పూర్ణసంఖ్య కాబట్టి బ్రాకెట్లోది పూర్ణసంఖ్య, సమాసం బేసి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, అలవాటు కొద్దీ n = 2k + 1 పెట్టేయడం. "ప్రతివర్తితం అంటే 2k + 1 తో మొదలుపెట్టడం" అని బట్టీ పట్టినవారికి ఇది తప్పదు. ఏది పెట్టాలో సారాంశం వ్యతిరేకం చెబుతుంది. ఇక్కడ సారాంశం బేసి కాబట్టి దత్తాంశం సరి. లెక్క అయ్యాక n = 2 పెట్టి చూసుకోండి: 4 − 12 + 5 = −3, బేసే.

## 2 బదులు వేరే సంఖ్య వస్తే

"n² ను 3 భాగిస్తే n ను 3 భాగిస్తుంది" అన్నదానికి ఏం మారుతుంది?

వ్యతిరేకం మారుతుంది. 2 విషయంలో "భాగించదు" అంటే ఒకే అర్థం, శేషం 1. 3 విషయంలో శేషం 1 కావచ్చు, 2 కావచ్చు. కాబట్టి రెండు సందర్భాలు రాయాలి.

n = 3k + 1 అయితే n² = 9k² + 6k + 1 = 3(3k² + 2k) + 1, శేషం 1.

n = 3k + 2 అయితే n² = 9k² + 12k + 4 = 3(3k² + 4k + 1) + 1, శేషం మళ్లీ 1.

రెండు సందర్భాల్లోనూ n² ను 3 భాగించదు, నిరూపణ పూర్తయింది. రెండో సందర్భంలో 4 ను 3 + 1 గా విడగొట్టడం చూడండి. "శేషం 4" అని రాసి వదిలేసే జవాబుపత్రాలు చాలానే ఉంటాయి. శేషం ఎప్పుడూ భాజకం కన్నా తక్కువ ఉండాలి. ఒక్క సందర్భం మాత్రమే రాసి ఆపేయడం ఇంకా పెద్ద లోపం, అప్పుడు 2, 5, 8, 11 లాంటి సంఖ్యలన్నీ నిరూపణకు బయటే ఉండిపోతాయి.

4 తో కూడా ఇలాగే ప్రయత్నించాను, ఎక్కడో ఆగిపోతోంది. తప్పు ఎక్కడ చేశాను?

మీరు తప్పు చేయలేదు, ప్రవచనమే తప్పు. "n² ను 4 భాగిస్తే n ను 4 భాగిస్తుంది" నిజం కాదు: 2² = 4, 6² = 36, 10² = 100, వీటన్నిటినీ 4 భాగిస్తుంది, 2, 6, 10 లను భాగించదు.

ఎక్కడ ఆగిందో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రతివర్తితంలో మూడు సందర్భాలు ఉంటాయి. n = 4k + 1 అయినా 4k + 3 అయినా n² ను 4 తో భాగిస్తే శేషం 1, అవి బాగానే సాగుతాయి. n = 4k + 2 దగ్గర

n² = 16k² + 16k + 4 = 4(4k² + 4k + 1)

వర్గాన్ని 4 భాగించేసింది. ప్రత్యుదాహరణలన్నీ ఈ ఒక్క సందర్భంలోంచే వస్తాయి, k కు 0, 1, 2 పెడితే 2, 6, 10. ఒక సందర్భం ఎంతకీ తెగకపోతే మీ బీజగణితాన్ని అనుమానించే ముందు ఆ సందర్భంలోంచి ఒక చిన్న సంఖ్య తీసుకుని ప్రవచనాన్నే పరీక్షించండి. నిజాయతీగా రాసిన సందర్భాల జాబితా తప్పు ప్రవచనాన్ని పట్టిస్తుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది అదే.

అయితే ఏ సంఖ్యలకు పనిచేస్తుంది, ఏవాటికి చేయదు?

"n² ను d భాగిస్తే n ను d భాగిస్తుంది" అన్నది, d ను 1 కన్నా పెద్ద ఏ వర్గసంఖ్యా భాగించనప్పుడు నిజం. 2, 3, 5, 6, 7, 10 లకు నిజం. 4, 8, 9, 12 లకు కాదు.

విఫలమవడానికి కారణం చూపడం తేలిక. d = r²s, r > 1 అనుకోండి. n = rs తీసుకుంటే n² = r²s² = ds, దాన్ని d భాగిస్తుంది. కానీ rs అన్నది d కన్నా చిన్న ధనసంఖ్య, దాన్ని d భాగించదు. 12 = 2² × 3 కు ఇది n = 6 ఇస్తుంది, 36 ను 12 భాగిస్తుంది, 6 ను భాగించదు. మిగతా సంఖ్యలకు ఎందుకు నిజమో చూపాలంటే n ను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. n² లో కనిపించే ప్రతి ప్రధాన కారణాంకమూ n లోంచి వచ్చిందే, d కి వాటిలో ఒక్కొక్కటి ఒక్కసారే కావాలి.

6 కు శేషాలతోనే చేయాలనుకుంటే 1 నుంచి 5 వరకు అయిదు సందర్భాలు. వర్గాల శేషాలు వరుసగా 1, 4, 3, 4, 1. సున్నా ఎక్కడా రాలేదు కాబట్టి నిజం. d పెద్దదయ్యే కొద్దీ ఈ దారి విసుగు పుట్టిస్తుంది, అప్పుడు కారణాంకాల దారే మేలు.

## వాడకం, హద్దులు

ఇది వైరుధ్యం ద్వారా నిరూపణే కదా? తేడా ఏమిటి?

రెండూ దగ్గరివే, ఒకటి మాత్రం కాదు. ప్రతివర్తితంలో "q కాదు" అని మొదలుపెట్టి "p కాదు" అన్న ముందే తెలిసిన గమ్యానికి చేరతాం. వైరుధ్యంలో "p నిజం, q అబద్ధం" అని రెండూ అనుకుని ఎక్కడో ఒకచోట పొంతన కుదరని పరిస్థితికి చేరతాం. అది ఏ రూపంలో వస్తుందో ముందుగా తెలియదు.

చాలామంది ఇలా రాస్తారు: "n² సరి, n బేసి అనుకుందాం. n = 2k + 1. అప్పుడు n² బేసి. కానీ n² సరి అన్నాం. వైరుధ్యం." ఇది తప్పు కాదు. కానీ "n² సరి" అన్న ఊహను మధ్యలో ఎక్కడా వాడలేదు, చివర వైరుధ్యం ప్రకటించడానికి మాత్రమే పనికొచ్చింది. అలాంటప్పుడు మొదట్లోని "n² సరి" అన్న ఊహనూ, చివరి రెండు వాక్యాలనూ తీసేస్తే మిగిలేది శుభ్రమైన ప్రతివర్తిత నిరూపణ. p ను మధ్యలో నిజంగా వాడారా లేదా అన్నదే పరీక్ష.

√2 కరణీయ సంఖ్య అన్న నిరూపణలో ఇది ఎక్కడ వస్తుంది?

రెండుసార్లు వస్తుంది. √2 = a/b అనీ, a, b లకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదనీ అనుకుంటాం. వర్గం చేస్తే a² = 2b². కాబట్టి a² సరి. ఇక్కడ "వర్గం సరి అయితే సంఖ్య సరి" వాడి a సరి అంటాం, a = 2c పెడతాం. అప్పుడు 4c² = 2b², అంటే b² = 2c², కాబట్టి b² సరి. మళ్లీ అదే ప్రవచనంతో b సరి. రెండింటినీ 2 భాగిస్తోంది, ఉమ్మడి కారణాంకం లేదన్న మాటకు ఇది విరుద్ధం.

మొత్తం నిరూపణ వైరుధ్యంతో నడుస్తుంది, లోపల వాడిన చిన్న మెట్టు ప్రతివర్తితంతో నిరూపించినది. పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో దీన్నే ఏ ప్రధానసంఖ్యకైనా వర్తించేలా చెబుతారు: ప్రధానసంఖ్య p, a² ను భాగిస్తే a ను కూడా భాగిస్తుంది. √4 కరణీయమని ఇదే పద్ధతిలో "నిరూపించడానికి" ప్రయత్నిస్తే ఆ మెట్టు దగ్గరే విరిగిపోతుంది: a² ను 4 భాగించినంత మాత్రాన a ను 4 భాగించాలని లేదు. √4 = 2 కాబట్టి అలా విరగాల్సిందే కదా.

ప్రతివర్తితం పనికిరాని చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి. సారాంశానికి వ్యతిరేకం రాస్తే చేతికి ఒక సమీకరణం రావాలి. రాకపోతే ఆ దారి వదిలేయండి. "n బేసి అయితే n రెండు పూర్ణసంఖ్యల వర్గాల భేదం" అన్న ప్రవచనం చూడండి. ప్రతివర్తితం: n ఏ రెండు వర్గాల భేదమూ కాకపోతే n సరి. ఇప్పుడు దత్తాంశం "అలాంటి జంట ఏదీ లేదు" అంటోంది. లేనిదాన్ని పట్టుకుని లెక్క మొదలుపెట్టలేం.

నేరుగా వెళ్తే ఒక్క పంక్తి: n = 2k + 1 = (k + 1)² − k². ఉదాహరణకు 7 = 4² − 3². సారాంశం "ఫలానాది ఒకటి ఉంటుంది" అని చెబుతున్నప్పుడు దాన్ని కట్టి చూపడమే మంచి దారి. సారాంశం "సరి", "బేసి", "భాగిస్తుంది" లాంటి మాటలతో ఒక్క n గురించి చెబుతూ, దత్తాంశం మాత్రం n² లాగా n నుంచి కట్టిన సమాసం గురించి చెబుతుంటే ప్రతివర్తితం తీసుకోండి.